నెలకు 8 వేలు మిగిలితే: 15 శాతం పర్సనల్ లోన్ ముందే తీర్చాలా, పొదుపు మొదలుపెట్టాలా?

జీతం 48,000. ఇంటి ఖర్చు దాదాపు 29 వేలు. పర్సనల్ లోన్ ఈఎంఐ 11,132. ఇవన్నీ పోను నెలకు 8 వేలు మిగులుతాయి. లోన్‌లో ఇంకా 4 లక్షల అసలు ఉంది, వడ్డీ 15 శాతం, గడువు 48 నెలలు. ఈ 8 వేలు అప్పుకు కట్టాలా, దాచుకోవాలా?

లెక్క సులువుగా ఉండేందుకు ఒక ఉదాహరణ పెట్టుకున్నాను. మీ అంకెలు వేరే ఉన్నా పద్ధతి ఇదే.

## మూడు ప్రశ్నలు

మొదటిది, అప్పు వడ్డీకీ పొదుపు వడ్డీకీ తేడా ఎంత? మన ఊళ్లలో చెప్పుకునే లెక్కలోకి మారిస్తే ఇది వెంటనే తెలుస్తుంది. ఏడాదికి 15 శాతం అంటే నూటికి నెలకు రూపాయి పావలా వడ్డీ. పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్‌డీ 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం ఇస్తోంది, అంటే 56 పైసలు. రూపాయి పావలాకు తెచ్చిన అప్పు నెత్తిన ఉండగా 56 పైసల వడ్డీకి డబ్బు దాస్తే, ప్రతి వందకూ నెలకు దాదాపు 70 పైసలు పోతున్నట్టే. బ్యాంకు ఆర్‌డీలు చాలావరకు ఇంకా తక్కువే ఇస్తాయి. పొదుపు వైపు కొంచెం మొగ్గు చూపినట్టయినా సరే, కింద ఆర్‌డీ లెక్కలన్నిటికీ 6.7 శాతాన్నే వాడాను.

రెండోది, అవసరం వస్తే ఆ డబ్బు మళ్లీ చేతికి వస్తుందా? అప్పుకు కట్టిన డబ్బు తిరిగి రాదు. నిన్ననే 50 వేలు ఎక్కువ కట్టామని చెప్పినా వచ్చే నెల ఈఎంఐ ఆగదు, అది పూర్తిగా కట్టాల్సిందే. ఈఎంఐ తగ్గించమని విడిగా అడిగితే తప్ప, ముందు కట్టిన డబ్బు గడువు చివర్లోని ఈఎంఐలను తగ్గిస్తుంది, రేపటి ఈఎంఐని కాదు. చాలామందికి ఈ సంగతి ఉద్యోగం పోయినప్పుడు గానీ తెలియదు.

మూడోది, ముందే కడితే లెండర్ ఛార్జీ వేస్తాడా? వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు టర్మ్ లోన్లకు ముందస్తు చెల్లింపు ఛార్జీ వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. హోమ్ లోన్ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. పర్సనల్ లోన్లు మాత్రం చాలావరకు ఫిక్స్‌డ్ రేటువి, కాబట్టి ఈ రక్షణ వాటికి వర్తించదు. 2024 అక్టోబరు నుంచి తీసుకున్న లోన్ అయితే, లోన్ షరతులన్నీ ఒకచోట రాసి మీకు ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీసి, ముందే తీర్చేస్తే పడే ఫోర్‌క్లోజర్ ఛార్జీల వరుస చూడండి. అంతకుముందు తీసుకున్నదైతే శాంక్షన్ లెటర్‌లో వెతకాలి.

## నాలుగు దారులు, ఒకే పట్టిక

నాలుగు దారుల్లోనూ ఇంటి నుంచి నెలకు వెళ్లే మొత్తం ఒక్కటే: ఈఎంఐ 11,132, మిగులు 8,000, కలిపి 19,132. అప్పు ముందే తీరిపోతే ఆ 19,132 మొత్తం ఆర్‌డీలోకి వెళ్తుందని అనుకున్నాను. ఛార్జీలు లేవనుకున్నాను, వాటి సంగతి తర్వాత చెప్తాను.

| దారి | అప్పు తీరే నెల | అప్పుపై కట్టే వడ్డీ | 12వ నెలలో చేతిలో ఉండేది | 48వ నెల చివర చేతిలో ఉండేది |
|---|---|---|---|---|
| మిగులంతా అప్పుకే | 25 | ₹66,600 | ఏమీ లేదు | ₹4,81,300 |
| మిగులంతా ఆర్‌డీకే | 48 | ₹1,34,400 | ₹99,000 | ₹4,38,700 |
| ముందు 6 నెలలు అత్యవసర నిధి, తర్వాత అప్పు | 28 | ₹82,500 | ₹50,000 | ₹4,69,300 |
| సగం అప్పుకు, సగం ఆర్‌డీకి | 33 | ₹88,600 | ₹49,500 | ₹4,67,000 |

మీ అంకెలతో అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో తెలుసుకోవాలంటే ఎక్సెల్‌లోగానీ గూగుల్ షీట్స్‌లోగానీ ఈ ఒక్క లైను చాలు:

```
=NPER(15%/12, -19132, 400000)
```

జవాబు 24.4 వస్తుంది. అంటే 24 నెలలు పూర్తిగా, 25వ నెలలో ఇంకో 7 వేల పైచిలుకు.

## మిగులంతా అప్పుకే

డబ్బు లెక్క ఒక్కటే చూస్తే ఇదే గెలుస్తుంది. 48 నెలల అప్పు 25 నెలల్లో పోతుంది, వడ్డీలో దాదాపు 67,800 మిగులుతాయి.

ఇక్కడ లెక్క వేసేవాళ్లు ఒకచోట జారిపోతుంటారు. అప్పులో మిగిలిన వడ్డీ 67,800, ఆర్‌డీలో వచ్చే వడ్డీ 54,700, తేడా 13 వేలే కదా, ఆ మాత్రానికి చేతిలో డబ్బు లేకుండా ఎందుకుండాలి అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 25వ నెల తర్వాత ఏం జరుగుతుందో అందులో లేదు. అప్పు తీరినవాడి చేతిలో నెలకు 19,132 పూర్తిగా ఖాళీగా ఉంటుంది. మిగతా 23 నెలలు అది ఆర్‌డీలోకి వెళ్తే, దాని మీద మరో 29,500 వడ్డీ వస్తుంది. దాన్ని కలిపితే రెండు దారుల మధ్య అసలు తేడా 42,700. పోల్చేటప్పుడు రెండు వైపులా ఒకే తేదీ దగ్గర ఆగాలి. ఒకవైపు 25వ నెల దగ్గర, రెండోవైపు 48వ నెల దగ్గర ఆపితే లెక్క తప్పుతుంది.

ఈ దారికి ఒక షరతుంది. అప్పు తీరాక ఆ 19,132 నిజంగా దాచాలి. 26వ నెలలో కొత్త బండి ఈఎంఐ మొదలైతే పట్టికలోని చివరి గడి ఉండదు.

దీని బలహీనత మాత్రం 12వ నెల గడిలో కనిపిస్తోంది. ఏడాది పాటు 96 వేలు అదనంగా కట్టినా చేతిలో పైసా లేదు. పదో నెలలో ఇంట్లో ఎవరికో ఆపరేషన్ పడి 60 వేలు కావాల్సి వచ్చిందనుకోండి. డబ్బు లేక క్రెడిట్ కార్డు గీకితే, నెలకు 3.5 శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. నెలనెలా ఉన్న 8 వేలూ దానికే కట్టినా తీరడానికి పదో నెల వస్తుంది, వడ్డీ, పన్ను కలిపి 13,300 అవుతుంది. కార్డు లేనివాళ్లు రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో చేబదులు తెస్తారు, అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. 15 శాతం అప్పును తొందరగా తీర్చబోయి 40 శాతం అప్పులో పడటమే ఇది.

## మిగులంతా ఆర్‌డీకే

12వ నెలలో చేతిలో దాదాపు లక్ష ఉంటుంది, మనసుకు నిబ్బరం. ఆ నిబ్బరం కోసం నాలుగేళ్లలో వదులుకునేది 42,700.

పోస్టాఫీసు ఆర్‌డీ అనుకున్నంత సులువుగా చేతికి రాదు కూడా. మూడేళ్లు నిండే దాకా ముందుగా మూసే వీలు లేదు. నిండాక మూసినా 6.7 కాదు, సేవింగ్స్ ఖాతా రేటు 4 శాతమే ఇస్తారు. 12 వాయిదాలు కట్టాక జమ అయిన దానిలో సగం దాకా లోన్ తీసుకోవచ్చు, దాని వడ్డీ ఆర్‌డీ రేటు కన్నా 2 శాతం ఎక్కువ. నిజం చెప్పాలంటే, పట్టికలో ఆర్‌డీకి నేను చూపిన 4,38,700 కొంచెం ఉదారంగా వేసిందే, ఎందుకంటే దాని అసలు గడువు 60 నెలలు. అత్యవసర నిధి దాచుకునే చోటు అది కాదు. ఎప్పుడైనా తీసుకోగల బ్యాంకు ఎఫ్‌డీగానీ, సేవింగ్స్ ఖాతాకు ముడిపెట్టిన స్వీప్ డిపాజిట్‌గానీ అందుకు మేలు.

పన్ను మాట కూడా ఒకటి. మన ఉదాహరణలోని జీతానికి కొత్త పన్ను విధానంలో పన్నే పడదు కాబట్టి ఆర్‌డీ వడ్డీ పూర్తిగా మిగులుతుంది. పాత విధానంలో 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు మాత్రం 6.7 కాస్తా 5.3 అవుతుంది. అప్పులో మిగిలే వడ్డీ మీద పన్ను ఉండదు.

## ముందు నిధి, తర్వాత అప్పు

నన్ను అడిగితే, నెల జీతం నికరంగా వచ్చే చాలామందికి ఇదే చెప్తాను. మొదటి ఆరు నెలలు ఈఎంఐ మామూలుగా కట్టండి. 8 వేల చొప్పున 48 వేలు పోగేసి ఎఫ్‌డీలో పెట్టండి (దీనికి 6 శాతం లెక్కేశాను). ఏడో నెల నుంచి మిగులంతా అప్పుకు మళ్లించండి.

దీనికి పడే ఖర్చు స్పష్టంగా ఉంది: మొదటి దారితో పోలిస్తే 48వ నెల చివర 12 వేలు తక్కువ. అప్పు మూడు నెలలు ఆలస్యంగా తీరుతుంది. ఆ 12 వేలను నాలుగేళ్లకు కట్టే ప్రీమియం అనుకోవచ్చు. పైన చెప్పిన ఆపరేషన్ లాంటిది ఈ నాలుగేళ్లలో ఒక్కసారి వచ్చినా కార్డు వడ్డీ 13 వేలు దాటుతుంది. ఒక్కసారి కూడా రాకపోతే 12 వేలు వదులుకున్నట్టు. మామూలు కుటుంబంలో నాలుగేళ్లలో ఒక్క పెద్ద ఖర్చూ రాదని నేనైతే పందెం కాయను.

48 వేలే ఎందుకంటే, ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 40 వేలు. కనీసం ఒక నెల గడవాలి, ఇంకో 8 వేలు చేతిలో ఉండాలి. మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా అప్పు జోలికి వెళ్లొద్దని అందరూ చెప్పే సలహా ఇక్కడ ఖరీదైనది. 1,20,000 పోగవడానికి 15 నెలలు పడుతుంది, అన్నాళ్లూ 15 శాతం అప్పు ఈఎంఐతోనే నెమ్మదిగా కరుగుతూ ఉంటుంది. ఆ సలహా 8 శాతం హోమ్ లోన్‌కు సరిపోతుంది, ఈ లోన్‌కు కాదు.

నిధి వాడుకోవాల్సి వస్తే, మళ్లీ 48 వేలు అయ్యేదాకా అదనపు చెల్లింపు ఆపి ముందు దాన్ని నింపుకోండి.

## సగం సగం

న్యాయంగా కనిపిస్తుంది, చివరి అంకె కూడా పై దారికి రెండు వేలే తక్కువ. తేడా మొదటి నెలల్లో ఉంది. ఆరో నెలలో పై దారిలో 48 వేలు ఉంటే ఇక్కడ 24 వేలే ఉంటాయి. నిధి లేని మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ, సరిగ్గా అప్పుడే ఇది నెమ్మదిగా నడుస్తుంది.

అయితే ఇక్కడ పొదుపు ఆగదు. 48 వేల దగ్గర నిలిచిపోకుండా రెండేళ్లకు లక్ష దాటుతుంది. ఆదాయం ఒకలా ఉండనివాళ్లకు ఇది నచ్చాల్సిన కారణం అదే.

## సిప్ సంగతి

15 శాతం అప్పు ఉండగానే ఈక్విటీ ఫండ్‌లో సిప్ వేద్దామా అనేవాళ్లు ఉంటారు. 12 శాతం వస్తుందనే అనుకుందాం. 8 వేల సిప్ 48 నెలలకు 4,83,500 అవుతుంది. మొదటి దారిలో 4,81,300 కదా, సిప్ గెలిచింది అంటారు. కానీ అప్పు ముందే తీర్చినవాడు కూడా 25వ నెల నుంచి 19,132ను అదే ఫండ్‌లో వేయవచ్చు. అలా వేస్తే 5,03,700 వస్తుంది. ఒకడికి ఆర్‌డీ, ఇంకొకడికి సిప్ ఇచ్చి పోల్చకూడదు. పైగా ఫండ్ 12 శాతం ఇస్తుందన్నది ఆశ, అప్పుకు 15 శాతం పడుతుందన్నది ఖాయం.

## ఛార్జీలు, షరతులు

మన పట్టికలో ఛార్జీలు లేవు. మీ లోన్‌కు ముందస్తు చెల్లింపుపై 4 శాతం ఛార్జీ, దానిపై జీఎస్‌టీ ఉంటే ప్రతి వందకూ 4 రూపాయల 72 పైసలు ముందే పోతాయి. అప్పుడు మొదటి దారి ఆధిక్యం 42,700 నుంచి 30 వేల దరిదాపుకు తగ్గుతుంది. ఇంకా లాభమే, కానీ అన్ని నెలల్లోనూ కాదు. అప్పుకూ పొదుపుకూ మధ్య తేడా ఏడాదికి సుమారు 9 శాతం కాబట్టి, కట్టిన ఛార్జీ రాబట్టుకోవడానికి ఆరు నెలలకు పైనే పడుతుంది. అందుకని అప్పు తీరడానికి ఆరేడు నెలలే మిగిలినప్పుడు, ఛార్జీ కట్టి ముందే మూసేయడంలో లాభం లేదు. ఆ నెలల్లో మిగులును ఎఫ్‌డీలో వేసుకుని ఈఎంఐ మామూలుగా కట్టుకోవచ్చు.

చాలా లెండర్లు నెలనెలా 8 వేలు తీసుకోవడానికి ఒప్పుకోరు. మొదటి కొన్ని నెలలు అసలు కుదరదనో, ఏడాదికి ఒకటి రెండు సార్లేననో, కనీసం ఇన్ని ఈఎంఐలంత కట్టాలనో షరతులు ఉంటాయి. అప్పుడు ఏడాదంతా పోగేసి ఒకేసారి 96 వేలు కట్టాలి. ఆలస్యం వల్ల పోయేది ఏడాదికి 4 వేల లోపే. పైగా ఆ పోగవుతున్న డబ్బు అప్పటిదాకా చేతి కిందే ఉంటుంది. కాబట్టి ఈ షరతు ఉన్నవాళ్లు మరీ బాధపడనక్కర్లేదు.

కొంత కట్టాక ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని అడుగుతారు. గడువే తగ్గించుకోవాలని అందరూ చెప్తారు. ఛార్జీ లేని లోన్ అయితే, ఈఎంఐ తగ్గించుకుని కూడా నెలకు మొత్తం 19,132 కడుతూనే ఉంటే వడ్డీ సరిగ్గా అంతే పడుతుంది, 25వ నెలలోనే తీరుతుంది. తేడా ఏమిటంటే, కష్టం వచ్చిన నెలలో తప్పనిసరిగా కట్టాల్సింది తక్కువ ఉంటుంది. చేతిలో ఉన్న డబ్బు ఖర్చైపోతుందన్న భయం ఉన్నవాళ్లకు గడువు తగ్గింపే మంచిది, ఆదాయం గురించి టెన్షన్ ఉన్నవాళ్లకు ఈఎంఐ తగ్గింపు.

## ఎవరికి ఏది

ప్రభుత్వ ఉద్యోగం, లేదా కంపెనీ ఆరోగ్య బీమా ఇంటిల్లిపాదికీ ఉన్న ఉద్యోగం: నిధి దారి ఎంచుకుని, దాన్ని 25, 30 వేల దగ్గరే ఆపి మిగతాది అప్పుకు కట్టేయవచ్చు.

సొంత దుకాణం, డ్రైవింగ్, కమీషన్ మీద పని, కాంట్రాక్టు ఉద్యోగం: ఒక నెల ఖర్చు దాకా ముందు నిధి, ఆ తర్వాత సగం సగం. ఈఎంఐ తగ్గించే పద్ధతి మీకే బాగా పనికొస్తుంది.

ఇంట్లో బంగారం ఉన్నవాళ్లు: బ్యాంకు గోల్డ్ లోన్ రేటు సాధారణంగా పర్సనల్ లోన్ కన్నా చాలా తక్కువ, అదే రోజు చేతికి వస్తుంది. తాకట్టు పెట్టని నగలు ఉంటే నిధి చిన్నదైనా చాలు. వడ్డీ కూడా కట్టకుండా వదిలేస్తే వేలానికి వెళ్తుందని గుర్తుంచుకోవాలి.

ఏడాదిలోపు పెళ్లి, కాలేజీ ఫీజు లాంటి ఖర్చు ఖాయంగా ఉన్నవాళ్లు: ఆ డబ్బు అప్పుకు కట్టకండి. కట్టి, మళ్లీ కొత్త పర్సనల్ లోన్ తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, కొత్త వడ్డీ రెండూ పడతాయి.

రెండు మూడు అప్పులు ఉన్నవాళ్లు: కార్డు బాకీ, ఊళ్లో తెచ్చిన రెండు మూడు రూపాయల వడ్డీ అప్పు ముందు. వాటి తర్వాతే ఈ 15 శాతం లోన్. వాటి మధ్యలో నిధి కోసం పెద్దగా ఆగకండి, 15, 20 వేలు చాలు.

హోమ్ లోన్ ఒక్కటే ఉన్నవాళ్లు: ఈ వ్యాసంలోని తీర్పు మీకు వర్తించదు. 8 శాతం దగ్గర తేడా చాలా చిన్నది. ఈపీఎఫ్‌లోనే 2024-25కు 8.25 శాతం ఇచ్చారు. అక్కడ పూర్తి అత్యవసర నిధే ముందు.

## కట్టేటప్పుడు చూసుకోవాల్సింది

ఈఎంఐ కట్ అయ్యే ఖాతాలో 8 వేలు ఎక్కువ వదిలేస్తే అప్పు తగ్గదు, అది అక్కడే పడుంటుంది. లోన్ యాప్‌లో పార్ట్ పేమెంట్ అని విడిగా ఉన్న చోట కట్టాలి, లేదా బ్రాంచిలో రాసిచ్చి రసీదు తీసుకోవాలి. కొందరు లెండర్లు అదనంగా వచ్చిన డబ్బును అసలులో తగ్గించకుండా వచ్చే నెలల అడ్వాన్స్ ఈఎంఐగా పక్కన పెడతారు. అలా పెడితే వడ్డీలో ఏమీ మిగలదు. అందుకే వారం తర్వాత లోన్ స్టేట్‌మెంట్ తీసి, అసలు బాకీ సరిగ్గా మీరు కట్టినంత తగ్గిందో లేదో చూడండి. ఉదాహరణకు మొదటి ఈఎంఐ 11,132లో 5,000 వడ్డీకి పోయి 6,132 అసలులో తగ్గుతుంది. దానితోపాటు 8 వేలు అదనంగా కడితే 4,00,000 కాస్తా 3,85,868 కావాలి. 3,93,868 దగ్గరే ఆగితే ఆ డబ్బు అడ్వాన్స్‌లోకి వెళ్లినట్టు. వెంటనే రాతపూర్వకంగా అడిగి, మార్చిన కొత్త వాయిదాల షెడ్యూల్ తెప్పించుకోండి.